ఫోటోలో పక్వానికి వచ్చిన పనస, కోస్తే పచ్చి. ఫోటోలో పచ్చి దానిమ్మ, కోస్తే ముదిరింది: ఎందుకు, ఏం చేయాలి

సీజన్ మొదలైతే నా ఫోన్‌కు రోజూ కాయల ఫోటోలు వస్తాయి. అనంతపురం చుట్టుపక్కల నుంచి దానిమ్మవి, కడప వైపు మామిడి తోటల గట్ల మీద చెట్ల నుంచి పనసవి. అందరి ప్రశ్నా ఒకటే: "కోయొచ్చా?" ఫోటో చూసి పక్వం చెప్పొచ్చు. కానీ ఆ ఫోటోల్లో పది తీస్తే ఆరింటికి జవాబు చెప్పలేను, ఎందుకంటే అవి ముందే తప్పుదారి పట్టించేలా తీసినవి. అందులోనూ ఒక తప్పు నన్నే రెండుసార్లు ముంచింది.

అన్నిటికంటే ముందు

దానిమ్మ ఫోటో పంపేటప్పుడు పూత ఎప్పుడు వచ్చిందో రాయండి. ఇది ప్రతిసారీ నేనే అడగాల్సి వస్తోంది. భగువా రకం పూత నుంచి కోతకు దాదాపు ఆరు నెలలు తీసుకుంటుంది. నాలుగో నెలలో ఎర్రగా మెరుస్తున్న కాయను పంపి కోయొచ్చా అంటే ఫోటో చూడక్కర్లేదు, కుదరదు. దానిమ్మ చెట్టు మీద పండాల్సిన కాయ, కోశాక తీపి పెరగదు. పనస అలా కాదు. ముదిరిన కాయను కోస్తే ఇంట్లో మూడు నుంచి పది రోజుల్లో పండుతుంది. ముదరనిది మాత్రం ఎన్నాళ్లు ఉంచినా రుచి రాదు.

రెండోది, ఎండ తగిలే వైపు ఒక్కటే చూపించకండి. దానిమ్మ ఎండ వైపు ఎర్రగా, వెనుక లేతగా ఉంటుంది. రెండు వైపులా కావాలి. మూడోది, చెట్టుకు ఒక కాయ కోసి లోపల చూడండి. ఒక్క కాయే కదా పోయేది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఫోటోకూ కాయకూ పొంతన లేదంటే కింద చదవండి.

లక్షణం: పనస ముళ్లు ఫోటోలో చదునుగా ఉన్నాయి, కాయ మాత్రం పచ్చిది

పనస లేతగా ఉన్నప్పుడు ముళ్లు దగ్గరదగ్గరగా, కొన సూదిగా ఉంటాయి. కాయ ఊరుతున్న కొద్దీ తొక్క సాగి ముళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, కొనలు మొద్దుబారతాయి, ఆకుపచ్చ పసుపులోకి తిరుగుతుంది. ఈ గుర్తులు తెలియనివారు తక్కువే. తెలిసి కూడా మోసపోయేది ఫ్లాష్ దగ్గర.

పనస కాయ చెట్టు మొదలు దగ్గర, కాండం మీద వేలాడుతుంది. అక్కడ దట్టమైన నీడ, మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. ఫోన్‌లో ఫ్లాష్ ఆటోలో ఉంటే దానంతటదే వెలుగుతుంది. ఫ్లాష్ కెమెరా పక్కనే ఉంటుంది కాబట్టి వెలుగు కాయకు సూటిగా ఎదురుగా పడుతుంది. ముల్లుకు ఏ పక్కా నీడ ఉండదు. ముల్లు ఎంత ఎత్తుందో, ఎంత సూదిగా ఉందో మన కంటికి తెలిసేదే ఆ నీడ వల్ల. నీడ పోతే సూది ముల్లు కూడా చదునైన చుక్కలా కనిపిస్తుంది. అంటే పచ్చి పనస పక్వానికి వచ్చినట్టు కనిపిస్తుంది.

మా అత్తగారి ఊళ్లో మా బావమరిది పెరట్లో చెట్టు ఉంది. ఒక ఏడాది మే నెలలో పెద్ద కాయ ఫోటో పంపి "బావా, కోసేద్దామా?" అన్నాడు. ముళ్లు అణిగినట్టే ఉన్నాయి, కోసేయమన్నాను. తొడిమ కోయగానే చిక్కటి తెల్లని పాలు కారాయని తర్వాత చెప్పాడు. ముదిరిన కాయకు ఆ పాలు పలచబడి నీళ్లలా వస్తాయి. అక్కడే ఆగి ఉండాల్సింది, కాని అప్పటికే కోసేశాడు. గడ్డిలో పెట్టి పన్నెండు రోజులు చూశారు, కాయ మెత్తబడలేదు. చీల్చి చూస్తే తొనలు తెల్లగా, సన్నగా, చప్పగా ఉన్నాయి. పిల్లలు ఎదురుచూసిన కాయ అది.

మరుసటి ఏడు నేనే వెళ్లి అదే చెట్టు మీద ఒక కాయను రెండుసార్లు తీశాను. ఒకసారి ఫ్లాష్‌తో, ఒకసారి ఫ్లాష్ ఆపి, ఉదయం ఎనిమిదింటప్పుడు ఎండ పక్క నుంచి కొమ్మల కిందికి దిగుతున్నప్పుడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కాయ అంటే నమ్మలేం. ఫ్లాష్ ఫోటోలో ముళ్లు అద్దకం బట్ట మీది చుక్కల్లా ఉన్నాయి. పక్క వెలుగులో ఒక్కో ముల్లుకు ఒక వైపు సన్నటి నల్లటి నీడ, కొన మొనదేలి ఉంది. ఆ కాయను మూడు వారాలు ఆపించాను. ఆ తర్వాత అదే పొద్దున, అదే చోటు నుంచి తీసిన ఫోటోలో ముళ్ల నీడలు వెడల్పయ్యాయి, మధ్యలో తొక్క కనిపిస్తోంది, తొడిమ దగ్గరి ఆకు పసుపు తిరిగింది. అప్పుడు కోశారు. ఐదో రోజుకు ఇల్లంతా వాసన.

లక్షణం: దానిమ్మ ఫోటోలో ఇంకా గుండ్రంగా ఉంది, కోసేసరికి గింజ గోధుమ రంగు

ఇదే ఫ్లాష్ దానిమ్మకు సరిగ్గా తిరగబడి పనిచేస్తుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు, నాకూ తట్టలేదు.

దానిమ్మ పండే కొద్దీ లోపలి గింజలు ఊరి తొక్కను తోస్తాయి. కాయ గుండ్రతనం పోయి పక్కలు కొంచెం చదునవుతాయి, వాటి మధ్య అంచులు తేలతాయి. చివరన కిరీటం ఉంటుంది కదా, దాని రేకులు లేత కాయలో బయటికి విచ్చుకుని గానీ నిటారుగా గానీ ఉంటాయి, పక్వానికి లోపలికి వంగి మూతి ముడుచుకుంటాయి. చదును, అంచు, వంపు మూడూ కనిపించేది నీడ వల్లే. ఎదురు వెలుగు పడగానే చదునైన పక్క కూడా గుండ్రంగా, కిరీటం రేకులు పొట్టిగా నిటారుగా కనిపిస్తాయి. పండిన కాయ ఇంకా లేతగా ఉన్నట్టు చూపిస్తుంది.

కళ్యాణదుర్గం వైపు నాకు తెలిసిన రైతు తోట అది. రోజంతా మందు కొట్టించి, చీకటి పడ్డాక ఫ్లాష్‌తో ఫోటో తీసి "అన్నా, వ్యాపారి రేపే వస్తానంటున్నాడు, పిలవనా?" అని అడిగాడు. కాయ గుండ్రంగా ఉంది, కిరీటం నిలబడి ఉంది. ఇంకో పది రోజులు ఆగమన్నాను. పూత తేదీ అతని డైరీలో ఉంది, నేను అడగలేదు. ఆ పది రోజుల మధ్యలో ఒక వాన పడింది. చాలా కాయలు పగిలాయి, పగలని కాయల్లో కొన్ని కోసి చూస్తే గింజ రంగు మారి గోధుమగా ఉంది. పైన తొక్క మాత్రం నిగనిగలాడుతోంది. పగటి వెలుగులో నేను వెళ్లి చూసినప్పుడు మిగిలిన కాయల పక్కలు అరచేతికి తెలిసేంత చదునుగా ఉన్నాయి. డైరీ ప్రకారం ఆ రోజుకు ఆరు నెలలు దాటాయి. అప్పటి నుంచి తేదీ రాయని ఫోటోకు నేను జవాబు ఇవ్వను.

ఫోటో చూసి ఈ తప్పును ఎలా పట్టాలి

మధ్యలో తెల్లటి మెరుపు చుక్క ఒకటి ఉంటుంది, కాయ వెనుక అంతా నల్లగా ఉంటుంది, ముల్లుకో రేకుకో పక్కన నీడ వెతికితే దొరకదు. ఈ మూడూ కనిపిస్తే ఆ ఫోటోను బట్టి ఏదీ చెప్పకండి, మళ్లీ తీయించండి. మిట్టమధ్యాహ్నం ఎండకు వీపు పెట్టి కాయకు సూటిగా తీసినా ఇదే జరుగుతుంది, అక్కడ మెరుపు చుక్క మాత్రం అంత స్పష్టంగా ఉండదు.

పరిష్కారం

ఫ్లాష్ పూర్తిగా ఆపండి, ఆటోలో కూడా ఉంచకండి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య, వెలుగు మీ ఎడమ పక్క నుంచో కుడి పక్క నుంచో కాయ మీద పడేలా నిలబడండి. చెట్టు కింద మరీ చీకటైతే పక్క నుంచి ఎవరినైనా టార్చ్ పట్టుకోమనండి. టార్చ్ ఫోన్ పక్కన కాదు, కాయకు ఒక మూర దూరంలో పక్కన ఉండాలి.

ఫోన్‌ను కాయకు అంటించకండి. మరీ దగ్గరైతే మధ్యలో ముళ్లు ఉబ్బి ఎడంగా, అంచుల దగ్గర ముడుచుకుని కనిపిస్తాయి. రెండు అడుగులు వెనక్కి వచ్చి జూమ్ చేసి తీయండి.

దానిమ్మకు కిరీటాన్ని ఎదురుగా కాకుండా కాయ ఎత్తుకు వంగి పక్క నుంచి తీయాలి. రేకులు లోపలికి వంగాయా, నిలబడి ఉన్నాయా అన్నది ఆ పక్క చూపులోనే తేలుతుంది. కాయ తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి మోకాళ్ల మీద కూర్చోక తప్పదు.

పనసకు నాణెం పెట్టండి. పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. ముళ్ల మీద ఆనించి పట్టుకుని, దాని వెడల్పులో ఎన్ని ముళ్ల కొనలు పడతాయో లెక్కపెట్టండి. ఇన్ని ఉంటే పక్వం అని నేను అంకె ఇవ్వను, రకాన్ని బట్టి మారుతుంది. అదే కాయకు, అదే చోట, వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. తగ్గుతూ ఉంటే కాయ ఇంకా సాగుతోంది. తగ్గడం ఆగిందంటే, కొనలు మొద్దుబారాయంటే దగ్గరికి వచ్చినట్టు. వేలితో తట్టి పది సెకన్ల వీడియో కూడా పంపండి. పచ్చి కాయ గట్టిగా పలుకుతుంది, ముదిరినది బోలుగా డుబ్బుమంటుంది. ఈ శబ్దం ఫోటోలో రాదు.

దానిమ్మకు మాత్రం చివరి మాట తీపి కొలిచే బ్రిక్స్ మీటర్‌దే. ఒక కాయ గింజలు పిండి చుక్క వేయండి. భగువాకు 15 దాటాలి. ఫోటో కోయొచ్చంటున్నా మీటర్ 12 చూపిస్తే ఆగండి.

అరుదైనవి

కొన్ని పనస రకాలు పండినా ఆకుపచ్చగానే ఉంటాయి, వాటికి రంగు వదిలేసి ముళ్లు, శబ్దం చూడండి. దానిమ్మ కిరీటం విరిగిపోతే పక్కల చదును మీద ఆధారపడండి. తామర పురుగు గీకిన మచ్చలు తొక్కను గరుకు చేస్తాయి, దానికీ పక్వానికీ సంబంధం లేదు. దానిమ్మ చెట్టులో ఒక్క కాయ మాత్రం అన్నిటికంటే ముందే రంగు తిరిగి, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటే లోపల నల్లగా కుళ్లి ఉండొచ్చు. దాన్ని కోసి చూసి తోట బయట పారేయండి, దాన్ని చూసి మిగతా తోట కోతకు వచ్చిందనుకోకండి.