వెబ్‌సైట్ చాట్ నేర్చుకుందాం – 3వ పాఠం: మొదటి మెసేజ్‌లో ఏం రాయాలి

పోయిన పాఠంలో చాట్ బాక్స్ పెట్టుకున్నాం కదా, ఈసారి అది తెరవగానే తనంతట తానే వచ్చే మొదటి మెసేజ్ చూద్దాం. తిరుపతిలో ఒక ట్రావెల్స్ వాళ్ల సైట్ అనుకోండి. చాలామంది పెట్టేది ఇదే: "నమస్కారం, మా వెబ్‌సైట్‌కి స్వాగతం, మీకు ఏ విధంగా సహాయపడగలం?" దీనికి వచ్చేవాళ్లు "హాయ్" అంటారు, లేదంటే "రేట్ ఎంత" అంటారు. ఎక్కడికో తెలీదు, ఎప్పుడో తెలీదు, ఎంతమందో తెలీదు. మనవాళ్లు ఒక్కోటి అడిగేలోపు ఆయన ఇంకో ట్రావెల్స్‌కి ఫోన్ చేసేసుంటాడు.

అందుకే స్వాగతం మాటలు తీసేసి నేరుగా అడగండి:

"నమస్తే అండీ, కారు ఎక్కడికి కావాలి?"

కింద బటన్లు: తిరుమల కొండకి / కాళహస్తి, కాణిపాకం / రేణిగుంట ఎయిర్‌పోర్ట్ / దర్శనం టికెట్లు / వేరే ఊరు

నాలుగైదు బటన్లు దాటొద్దు, ఫోన్‌లో స్క్రోల్ చేయకుండా అన్నీ కనపడాలి. బటన్ మీద మాట కూడా కస్టమర్ నోట్లోంచి వచ్చేదే ఉండాలి, "లోకల్ ప్యాకేజీలు" అని పెడితే కాణిపాకం పోవాలనుకునే ఆయనకి అది తనకోసమే అని ఎలా తెలుస్తుంది?

ఇక్కడ దర్శనం టికెట్ల బటన్ ఎందుకు, ట్రావెల్స్ వాళ్లు అవి అమ్మరు కదా అంటారేమో. అమ్మరు, కానీ తిరుపతిలో కార్ల సైట్‌కి వచ్చినా ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఉంటారు. బటన్ లేకపోతే వాళ్లు వేరే ఊరు నొక్కి అక్కడ టైప్ చేస్తారు, మన మనిషి వచ్చి లేవని చెప్పేదాకా కాచుకుంటారు. బటన్ ఉంటే వెంటనే జవాబు వెళ్లిపోద్ది: "టికెట్లు మా దగ్గర ఉండవండీ, టీటీడీ సైట్ ttdevasthanams.ap.gov.in లో బుక్ చేసుకోండి. కొండకి కారు కావాలా?" మనం చేయని పని అయినా జనం పదే పదే అడుగుతుంటే దానికి ఒక బటన్ ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

బటన్ నొక్కాక రెండో మెసేజ్‌లో తేదీ, ఆ తర్వాత ఎంతమంది అనేది అడగండి, నలుగురికి చిన్న కారు సరిపోద్ది, ఏడుగురంటే పెద్ద బండి, రేటే మారిపోద్ది కాబట్టి ఇది తెలీకుండా ధర చెప్పలేం. ఫోన్ నంబర్ మాత్రం మొదట్లోనే అడగొద్దు, రేటు చెప్పాక అడిగితే ఇస్తారు. బటన్లున్నా టైప్ చేసే గడి మూసేయకండి, చెన్నై నుంచి వచ్చే ఆయన తమిళంలో టైప్ చేస్తాడు, చేయనీండి.

వారం తర్వాత చాట్లు తెరిచి, వచ్చినవాళ్ల మొదటి మాట మాత్రం చదవండి. ఇంకా "హాయ్" లే ఎక్కువుంటే మన ప్రశ్న సరిగ్గా లేనట్టే. "వేరే ఊరు" నొక్కి ఎక్కువమంది వేలూరు గోల్డెన్ టెంపుల్ అని రాస్తుంటే దానికి బటన్ పెట్టి, తక్కువ నొక్కేది తీసేయండి.

వచ్చే పాఠానికి మీ షాపుకి వచ్చిన పాత మెసేజ్‌లు ఒక యాభై తీసి, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద గీతలు పెట్టుకొని రండి, రాత్రిపూట ఎవరూ లేనప్పుడు వెళ్లే మెసేజ్ వాటితోనే రాద్దాం.