మోషన్ గట్టిగా వస్తోందా? రాత్రి అన్నం దగ్గర నుంచి ఇలా మార్చుకోండి

ఇంట్లో ఎవరికైనా మోషన్ గట్టిగా వస్తోందని తెలిస్తే చాలు, చుట్టుపక్కల నుంచి మొదట వచ్చే సలహా "రాగి జావ తాగండి" అనే. తాగాం, ఏమీ తేడా లేదు అనేవాళ్లూ అంతమందే కనిపిస్తారు. ఇందులో రాగుల తప్పేం లేదు. పిండిని సన్న జల్లెడలో జల్లించి పొట్టు పారేస్తాం. మిగిలినదాంట్లో రెండు చెంచాలు గ్లాసు నీళ్లలో కలిపి తాగుతాం. జల్లించకపోయినా 20 గ్రాముల రాగిపిండిలో పీచు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. రోజుకు కావాల్సింది సుమారు 30 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రెండు వేల క్యాలరీల తిండికి చెప్పిన లెక్క అది.

మలం మెత్తగా ఉండటమంటే అందులో నీళ్లు నిలవడమే. పెద్దపేగు పనే నీటిని పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు ఉంటే అంత ఎండిపోతుంది. గింజల పొట్టులోని పీచు అరగకుండా కిందికి దిగి మలం పరిమాణం పెంచుతుంది, కదలికను త్వరపెడుతుంది. పప్పుల్లో, కూరగాయల్లో ఉండే మెత్తటి పీచు నీటిని పట్టుకుంటుంది. ఈ రెండూ కావాలి, వాటితోపాటు నీళ్లూ కావాలి. నీళ్లు తాగకుండా పీచు ఒక్కటే పెంచితే మలం పరిమాణం పెరుగుతుంది, గట్టిదనం అలాగే ఉంటుంది. అప్పుడు ఇబ్బంది ఇంకా ఎక్కువవుతుంది.

ముందు ఇప్పుడు తినేది లెక్క వేయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే అరవై దాటిన పెద్దాయన అనుకోండి. పొద్దున నాలుగు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం అన్నం, కందిపప్పు, ఆలుగడ్డ వేపుడు, పెరుగు. రాత్రి మళ్లీ అన్నం, చారు, మధ్యాహ్నం మిగిలిన కూర. సాయంత్రం టీలోకి బిస్కెట్లు.

ఇడ్లీలూ చట్నీ కలిపి ఐదారు గ్రాముల పీచు. రెండు పూటల అన్నానికి 200 గ్రాముల బియ్యం పడుతుంది. తెల్ల బియ్యంలో వందకు మూడు గ్రాముల లోపే పీచు, కాబట్టి అక్కడ వచ్చేది ఐదున్నర. ముప్పై గ్రాముల కందిపప్పుతో రెండున్నర నుంచి మూడు. వంద గ్రాముల ఆలుగడ్డతో రెండు కూడా రాదు. అవీ ఇవీ కలిపినా మొత్తం పదిహేడు దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు రెండే మార్పులు చేద్దాం. రాత్రి వంద గ్రాముల బియ్యం తీసేసి అంతే జొన్నపిండితో రెండు రొట్టెలు. జొన్నల్లో పీచు వందకు పది గ్రాములు, అంటే ఏడు గ్రాములు పెరిగింది. ఆలుగడ్డ బదులు 150 గ్రాముల గోకరకాయ. దానితో ఇంకో ఐదు. పదిహేడు కాస్తా ఇరవై తొమ్మిది అయింది. టిఫిన్ మార్చలేదు, మధ్యాహ్నం అన్నం ముట్టుకోలేదు. ఇంట్లో గొడవ కూడా ఉండదు!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోధుమపిండిలోనూ పీచు జొన్నల్లో ఉన్నంతే ఉంటుంది. రాత్రి ఇప్పటికే పొట్టు తీయని గోధుమపిండి చపాతీలు తినేవాళ్లు వాటిని మానేసి జొన్నరొట్టెకు మారితే పీచు విషయంలో కలిసొచ్చేదేమీ లేదు. వాళ్లు కూర, పప్పు వైపు చూసుకోవాలి. లాభమంతా తెల్లన్నం తగ్గి, పొట్టున్న గింజ పళ్లెంలోకి రావడంలోనే ఉంది.

మొదటి వారం: రాత్రికి జొన్నరొట్టె

పిండి తాజాగా పట్టించినదై ఉండాలి. నిలవ పిండి అయితే రొట్టె అంచులు పగులుతాయి, తట్టేటప్పుడే విరిగిపోతుంది. జొన్నల్లో గోధుమలకుండే జిగురు ఉండదు కాబట్టి వేడినీళ్లే దానికి ఆధారం. కప్పు పిండికి ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా నీళ్లు పడతాయి. నీళ్లు మరుగుతుండగా ఉప్పు వేసి, స్టవ్ ఆపి, పిండి పోసి గరిటెతో కలిపి మూత పెట్టండి. చేయి పట్టేంత వేడికి వచ్చాక అరచేతి మడమతో గట్టిగా రుద్దుతూ పిసకాలి. ముద్ద నున్నగా అయి, వేలితో నొక్కితే పగుళ్లు రాకుండా ఉంటే సరిపోయినట్టు. పగుళ్లు వస్తే చేయి తడి చేసుకుని ఇంకాసేపు పిసకండి. పొడిపిండి చల్లి తట్టి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్ది, ఆ తడి ఆరగానే తిప్పండి.

అంత ఓపిక లేని రోజు సాయంత్రం పూట మీ వీధి చివర బండి మీద కాల్చే జొన్నరొట్టెలు రెండు తెచ్చుకున్నా సరిపోతుంది. మన ఊళ్లో వాటికి కొదవ లేదు. కానీ అప్పడంలా ఎండిన కటక్ రొట్టెలు కాకుండా మెత్తటివి అడగండి. పొడి వేపుడుతో కాకుండా పప్పు, పులుసు, ఆకుకూర లాంటి తడి ఉన్నవాటితో తినండి. మొదటి వారం ఒక్క రొట్టె, కొంచెం అన్నం చాలు. నీళ్లు రోజంతా కలిపి రెండు లీటర్లకు తగ్గకూడదు, ఎండాకాలంలో ఇంకా కావాలి. గుండె లేదా కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు పీచు పెంచే ముందు ఆ డాక్టర్‌నే అడగాలి.

రెండో వారం: కూర

గోకరకాయ, చిక్కుడు, బీన్స్, బెండ, తోటకూర, గోంగూర. వీటిలో ఏదో ఒకటి రోజూ, మనిషికి పెద్ద గరిటెడు రెండుసార్లు పడేలా. రైతుబజార్‌లో గోకరకాయ తీసుకునేటప్పుడు విరిచి చూడండి. టప్పున విరిగితే లేతది. నార లాగాల్సి వస్తే ముదిరింది, అది నమలలేక పిల్లలూ పెద్దలూ పక్కన పెట్టేస్తారు. ముక్కలను ముందు ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా చింతపండు, నువ్వుల పొడి వేసి పులుసులా చేస్తే జొన్నరొట్టెకు బాగుంటుంది. బీరకాయ తొక్కు పారేయకండి, పచ్చడికి పనికొస్తుంది.

మూడో వారం: పొట్టుతో పప్పు

పొట్టు తీసిన పెసరపప్పులో వందకు తొమ్మిది గ్రాముల పీచు ఉంటే, పొట్టు పెసల్లో పదిహేడు ఉంటుంది. శనగపప్పులో పదిహేను, నిండు శనగల్లో ఇరవై అయిదు. అందుకే వారంలో మూడు రోజులు కందిపప్పు బదులు పెసలు వేసి పాలకూర పప్పు చేయండి. పెసలు రాత్రి నానబెట్టి, నానిన నీళ్లు పారబోసి, కుక్కర్లో కొత్త నీళ్లతో వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించాలి. కడుపు ఉబ్బరానికి కారణమయ్యే చక్కెరలు కొన్ని ఆ నానిన నీళ్లతోనే పోతాయి.

సాయంత్రం బిస్కెట్ల చోట గుడాలు పెట్టండి. బొబ్బర్లు గానీ శనగలు గానీ ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు వేస్తే అయిపోతుంది. మొదట్లో గుప్పెడుకు మించొద్దు. వారం దాటినా గ్యాస్ తగ్గకపోతే గుడాలు రోజు మార్చి రోజు చేయండి. రొట్టె, కూర మాత్రం ఆపొద్దు. పప్పులే ముందు పెంచినవాళ్లు ఉబ్బరం భరించలేక అన్నీ ఒకేసారి మానేస్తారు. వాటిని మూడో వారానికి పెట్టింది అందుకే.

మరి రాగులు?

జావ కన్నా సంకటి నయం, ఎందుకంటే ఒక పూటకు పడే పిండి ఎక్కువ. అరకప్పు బియ్యం మూడు కప్పుల నీళ్లలో మెత్తగా ఉడికాక, కప్పు రాగిపిండి పైన కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్న మంట మీద పది నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత తెడ్డుతో ఉండలు లేకుండా కలిపి తడిచేత్తో ముద్దలు చేయండి. పిండి జల్లించొద్దు. రాళ్ల భయం ఉంటే పిండి పట్టించడానికి ముందే రాగులు కడిగి, ఎండబెట్టి ఏరుకోండి. షాపులో దొరికే రాగి మాల్ట్ కొనేటప్పుడు డబ్బా వెనక చూడండి, చాలావాటిలో చక్కెర, పాలపొడి చాలానే ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లకు పల్చటి జావ త్వరగా అరిగి షుగర్ పెంచుతుంది, వాళ్లకు కూరతో తినే సంకటే మేలు. అదీ కొలత చూసుకునే.

కొర్రలు, సామలు కొనేటప్పుడు రంగు చూడండి. తెల్లగా మెరిసేవి పాలిష్ పట్టినవి, వాటికి బియ్యం కన్నా ఎక్కువ డబ్బు పెట్టి పొట్టు పోగొట్టుకున్నట్టే. కాస్త మసకగా, గోధుమరంగు పొర కనిపించేవి తీసుకోండి. రెండు మూడు గంటలు నానబెట్టి, కప్పుకు రెండున్నర కప్పుల నీళ్లతో వండి వేడిగా తినండి, చల్లారితే పొడిపొడిగా గట్టిపడతాయి.

తేడా ఎలా తెలుస్తుంది

రోజూ ఒకసారి కాలేదని టెన్షన్ పడక్కర్లేదు. చూడాల్సింది రూపం. మేక పెంటికల్లా విడివిడిగా, గట్టిగా ఉన్నది క్రమంగా ఒకే ముక్కగా, పైన నున్నగా మారి, ముక్కకుండా వస్తుంటే దారిలో పడ్డట్టే. పెద్దగా, ఇంకా గట్టిగా వస్తుంటే నీళ్లు చాలలేదని అర్థం. పొద్దున టిఫిన్ తిన్న తర్వాత పేగుల కదలిక ఎక్కువగా ఉంటుంది, ఆ సమయంలో బాత్రూంకి వెళ్లే అలవాటు చేసుకోండి. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే తేలికవుతుంది.

ఐరన్, క్యాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందులు మలాన్ని గట్టిపరుస్తాయి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఇదే బాధ. అలాంటప్పుడు తిండి ఒక్కటే మార్చితే సరిపోదు, మందుల చీటీ డాక్టర్‌కు చూపించాలి. చాలా రోజులుగా మోషన్ కాక లోపల గట్టిగా పేరుకుపోయినవాళ్లు జొన్నరొట్టెతో మొదలుపెట్టకూడదు. ముందు డాక్టర్ దగ్గర అది బయటికి పోవాలి, తర్వాతే పీచు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పులు, ఆకుకూరలు సొంతంగా పెంచుకోవద్దు. రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా ఈ సమస్య మొదలవడం కనిపిస్తే వారాల లెక్క పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి. కడుపు ఉబ్బి వాంతులవుతూ గ్యాస్ కూడా పోకపోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకుండా నెల రోజులు ఇలా తిని, నీళ్లు తాగినా మార్పు రాకపోతే పీచు ఇంకా పెంచకండి. కొందరికి పేగుల కదలికే నెమ్మదిగా ఉంటుంది, ఇంకొందరికి మోషన్ సమయంలో కింది కండరాలు సడలవు. వాళ్లకు కావాల్సిన వైద్యం వేరే ఉంటుంది.