పాఠం 3: లాభం ఉంది సరే, గల్లాలో డబ్బేది?

పోయిన పాఠంలో మీ షాపులో ఉన్న సరుకు, మీకు రావాల్సిన బాకీలు, మీరు సప్లయర్లకు కట్టాల్సినవి ఒక కాగితం మీద రాయమన్నాను. ఇవాళ ఆ రూపాయల్ని రోజుల్లోకి మారుద్దాం.

ఒక హార్డ్‌వేర్, పెయింట్ల షాపు అనుకోండి. అంకెలు నేను వేసుకున్నవే, జీఎస్టీ పక్కన పెట్టండి. రోజుకు సగటున 20,000 అమ్మకం, ఆ సరుకు కొన్న ధర 16,000. షాపులో, గోడౌన్‌లో కలిపి సరుకు 9.6 లక్షలు, మేస్త్రీలూ కాంట్రాక్టర్లూ ఇవ్వాల్సింది 8 లక్షలు, సప్లయర్లకు మనం కట్టాల్సింది 4.8 లక్షలు.

సరుకుని 16,000తో భాగించండి, 60 రోజులు. చాలామంది దీన్ని కూడా అమ్మకంతోనే భాగించి 48 రోజులే కదా అని సంబరపడతారు, కానీ సరుకు పుస్తకంలో ఉండేది కొన్న ధరకి, అమ్మే ధరకి కాదు. బాకీలను మాత్రం 20,000తో భాగించాలి, 40 రోజులు. కట్టాల్సినవి మళ్ళీ 16,000తో, 30 రోజులు.

60కి 40 కలిపి 30 తీసేస్తే 70. అంటే ఇవాళ సప్లయర్‌కి కట్టిన రూపాయి తిరిగి గల్లాలో పడేది 70 రోజుల తర్వాత. అప్పటిదాకా ఇరుక్కుని ఉండే 12.8 లక్షలు మీ సొంత డబ్బో, బ్యాంకు ఓడీనో అయ్యుండాలి. మొత్తం 12 శాతం ఓడీ అయితే ఏడాదికి లక్షన్నర పైనే వడ్డీ.

ఆ 40 రోజుల్ని మాత్రం నమ్మేయకండి. అమ్మకాల్లో సగం కౌంటర్ దగ్గర నగదే అయితే, అరువు అమ్మకం రోజుకు 10,000 మాత్రమే, కాబట్టి అరువు పట్టుకెళ్ళినవాళ్ళు నిజంగా కడుతున్నది 80 రోజులకి! నెలలో ఇచ్చేస్తానన్న మేస్త్రీ మాట ఇక్కడ బయటపడుతుంది.

సరే, సప్లయర్‌కి ఎంత ఆలస్యంగా కడితే అంత మంచిదా? అక్కడే నాకు పేచీ. 7 రోజుల్లో కడితే 2 శాతం తగ్గిస్తానని అతను అంటే, లక్ష రూపాయల బిల్లుకు 2,000 మిగులుతుంది. 23 రోజులు ముందుగా కట్టడానికి ఓడీలోంచి 98,000 తీస్తే వడ్డీ 741 రూపాయలు. మన 70 రోజులు 93కి పెరుగుతాయి, చూడ్డానికి బాగోదు, అయినా ఇదే లాభం. కాకపోతే సప్లయర్లందరికీ ఇలాగే కట్టాలంటే ఇంచుమించు 3.7 లక్షలు అదనంగా కావాలి, మీ ఓడీ లిమిట్‌లో అంత ఖాళీ ఉంటేనే ఒప్పుకోండి. లేకపోతే పెద్ద బిల్లులు ఇచ్చే ఒకరిద్దరితో మొదలుపెట్టండి.

వచ్చే పాఠానికి గోడౌన్‌లో ఆరు నెలలుగా కదలని డబ్బాల లిస్టు రాసుకు రండి, ఆ 60 రోజుల్లో ఎన్ని వాటివో తేలుద్దాం.