బట్టపై అచ్చు – 5వ పాఠం: ముప్పై టీషర్టులకు స్క్రీనా, డిజిటలా?

పోయిన పాఠంలో స్క్రీన్‌కి, అంటే చట్రానికి బిగించిన సన్నని మెష్ జాలీకి, వెలుతురుకి గట్టిపడే ఎమల్షన్ పూసి, ఆరబెట్టి, ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపించాం. నీళ్లతో కడిగితే బొమ్మ తెరుచుకోవడం కూడా చూశాం. ఈసారి చేతులకు సిరా అంటదు. కాగితం, పెన్ను చాలు. ఎవరైనా వచ్చి "ముప్పై టీషర్టులు కావాలి" అన్నప్పుడు, ఏ పద్ధతిలో చేయాలో ఒప్పుకునే ముందే లెక్క కట్టడం నేర్చుకుందాం. ఇక్కడ డిజిటల్ అంటే డీటీజీ, అంటే ఇంక్‌జెట్ ప్రింటర్‌తో నేరుగా బట్ట మీదే అచ్చు వేయడం.

మన ఆర్డరు ఇది. ముదురు నీలం రంగు నూలు టీషర్టులు 30. బొమ్మలో నిగనిగలాడే నారింజ రంగు సూర్యుడు, కింద లేత నీలం కెరటం, దాని కింద తెల్లని అక్షరాలు.

కొత్తవాళ్లు "మూడు రంగులు కాబట్టి మూడు స్క్రీన్‌లు" అనేస్తారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని, నల్ల బట్ట మీద నేరుగా పసుపు సిరాని స్క్రీన్ గుండా లాగాను. పసుపు బదులు బురద రంగు వచ్చింది. చాలావరకు సిరాలు కింది బట్టని పూర్తిగా కప్పేయవు, దాని రంగు వాటిలోంచి పైకి కనిపిస్తుంది. అందుకే ముదురు బట్ట మీద ముందు తెలుపు లాగి, ఫ్లాష్ హీటర్ కింద కొన్ని సెకన్లు ఉంచుతాం. ముట్టుకుంటే వేలికి అంటనంత ఆరాక దాని మీద నారింజ, నీలం లాగుతాం. ఈ అడుగు తెలుపునే అండర్‌బేస్ అంటారు. కాబట్టి లెక్కపెట్టాల్సింది రంగులు కాదు, స్క్రీన్‌లు.

మన బొమ్మకు అండర్‌బేస్, నారింజ, లేత నీలం, అక్షరాల కోసం విడిగా ఒక తెలుపు కలిపి నాలుగు అవుతాయి. ఇక్కడ ఒకటి మిగుల్చుకోవచ్చు. అక్షరాలను అండర్‌బేస్ స్క్రీన్‌లోనే కలిపేసి, ఆ స్క్రీన్‌ని ఒకసారి లాగి, ఫ్లాష్ చేసి, మళ్లీ లాగితే అక్షరాలు తెల్లగానే వస్తాయి. లాగడాలు నాలుగే ఉంటాయి, స్క్రీన్‌లు మాత్రం మూడుకి తగ్గుతాయి. అయితే తెలుపు రెండు పొరలు పడటంతో సూర్యుడు కాస్త మందంగా, చేతికి గట్టిగా తగులుతాడు. చిన్న బొమ్మైతే పర్వాలేదు. ఛాతీ నిండా ఉండే బొమ్మకు నేనైతే నాలుగో స్క్రీనే చేస్తాను.

ఇక ఖర్చు. డబ్బు లెక్క ఊరికో తీరుగా ఉంటుంది కాబట్టి యూనిట్లలో చూద్దాం. ఒక టీషర్టు మీద ఒక రంగు ఒకసారి లాగడానికి సిరా, శ్రమ కలిపి 1 యూనిట్ అనుకోండి. ఒక స్క్రీన్ తయారీకి 40 యూనిట్లు. ఇందులో ఫిల్మ్, ఎమల్షన్, వెలుతురు చూపించడం, ప్రెస్ మీద ఒకదానికొకటి సరిపెట్టడం, పని అయ్యాక ఎమల్షన్ వదిలించి కడగడం అన్నీ ఉన్నాయి. చివరి పనిని చాలామంది మర్చిపోతారు, దానికీ టైమ్ పడుతుంది. డిజిటల్‌లో ముదురు టీషర్టుకి 10 యూనిట్లు, తెల్ల టీషర్టుకి 5 అనుకుందాం. ఇవి నేను ఊహించి పెట్టిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. టీషర్టు ఖరీదు రెండు పక్కలా ఒకటే కాబట్టి దాన్ని వదిలేద్దాం.

రెండు పద్ధతుల ఖర్చు సమానమయ్యే సంఖ్య ఇలా వస్తుంది:

సంఖ్య = (స్క్రీన్‌లు × ఒక్కో స్క్రీన్ ఖర్చు) ÷ (డిజిటల్‌లో ఒక్కో టీషర్టుకి − స్క్రీన్‌లో ఒక్కో టీషర్టుకి లాగే ఖర్చు)

నాలుగు స్క్రీన్‌లతో చేస్తే 160 ÷ (10 − 4), అంటే సుమారు 27. మూడు స్క్రీన్‌లతో 120 ÷ 6, అంటే 20. మన 30 టీషర్టులకు నాలుగు స్క్రీన్‌ల మొత్తం 280, మూడు స్క్రీన్‌ల మొత్తం 240, డిజిటల్ 300. స్క్రీన్ గెలిచింది, కానీ నాలుగు స్క్రీన్‌లతో చేస్తే గెలుపు అంతంతమాత్రమే. ఒక టీషర్టు పాడైనా ఆ తేడా కరిగిపోవచ్చు.

ఇప్పుడు అదే బొమ్మ తెల్ల టీషర్టు మీద వేద్దాం. అక్షరాలు ముదురు నీలం. అండర్‌బేస్ అక్కర్లేదు కాబట్టి మూడు స్క్రీన్‌లు, మూడు లాగడాలు. 120 ÷ (5 − 3) అంటే 60. ముప్పైకి స్క్రీన్ 210, డిజిటల్ 150. తెల్ల బట్ట మీద స్క్రీన్ పని తేలికైంది, అయినా ఓడిపోయింది! ఎందుకంటే డిజిటల్ ఖర్చు అంతకంటే ఎక్కువ తగ్గింది. ముదురు బట్టకు డిజిటల్‌లో ముందు ప్రీట్రీట్‌మెంట్ ద్రవం చల్లి హీట్ ప్రెస్ కింద ఆరబెట్టాలి, ఆపైన తెల్ల సిరా దండిగా పడాలి. అన్నిట్లోకీ ఎక్కువ ఖర్చయ్యేది ఆ తెల్ల సిరానే. తెల్ల బట్టకు అదేమీ అక్కర్లేదు.

ఖర్చు తేలాక రంగుల సంగతి చూడాలి. డిజిటల్‌లో రంగుల సంఖ్యకు హద్దు లేదు. ఫొటో అయినా, సూర్యుడు నారింజ నుంచి పసుపులోకి మెల్లగా కరిగిపోయినా ఖర్చు పెరగదు. స్క్రీన్‌లో ఆ కరుగుదలను చుక్కలుగా విడగొట్టాలి, దానికి సన్న మెష్ కావాలి. అంగుళానికి 45 వరుసల చుక్కలైతే, అంగుళానికి కనీసం 180 దారాల మెష్ ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. ముతక మెష్ మీద సన్న చుక్కలు నిలవవు, లేత ఛాయలు మాయమవుతాయి.

కానీ డిజిటల్‌కి వేరే హద్దు ఉంది. మామూలు యంత్రంలో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు, తెలుపు సిరాలే ఉంటాయి. నారింజ కావాలంటే మెజెంటా, పసుపు కలిసి పుట్టాలి. అలా పుట్టిన నారింజ స్క్రీన్ వాళ్లు డబ్బాలో కలుపుకున్న నారింజ అంత వెలగదు, ఒక్కోసారి ఇటుక వైపు జారుతుంది. నిండు ఆకుపచ్చ, రాజసమైన నీలం కూడా అంతే. ఫ్లోరసెంట్, బంగారు మెరుపు రంగులు ఆ సిరాలతో రానే రావు. కంప్యూటర్ తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది కాబట్టి అక్కడ చూసి మాట ఇవ్వకండి. అదే బట్ట ముక్క మీద నారింజ గడి ఒకటి వేయించి, వేడితో ఆరబెట్టి, ఉతికి చూశాక మాట్లాడండి.

మన ఆర్డరులో సూర్యుడే ప్రాణం. అందుకే స్క్రీన్ ఖర్చు కాస్త ఎక్కువైనా నేను స్క్రీన్ వైపే ఉండేవాణ్ణి. అదే ముప్పై టీషర్టుల మీద ముప్పై వేర్వేరు పేర్లు కావాలంటే మాత్రం లెక్క కూడా వేయను, డిజిటలే.

ఇక తప్పు ఎలా పట్టుకోవాలి? స్క్రీన్ అచ్చులో సూర్యుడి అంచున తెల్ల గీత తొంగిచూస్తే అండర్‌బేస్ పక్కకు జరిగిందన్నమాట. ఫిల్మ్ తీసే ముందే అండర్‌బేస్‌ని అంచు చుట్టూ అర మిల్లీమీటరు లోపలికి కుదిస్తే ఆ చిన్న జరుగుబాటు కనిపించదు. కానీ అక్షరాలు అదే స్క్రీన్‌లో ఉంటే వాటిని కుదించకండి, సన్నబడిపోతాయి. ప్లాస్టిసాల్ అంటే వేడి తగిలితేనే గట్టిపడే సిరా, దాని పొర మొత్తం సుమారు 160 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. చల్లారాక మెల్లగా సాగదీసి చూడండి, పగుళ్లు కనిపిస్తే లోపల ఉడకలేదు. డిజిటల్‌లో తెలుపు బూడిదలా కనిపించి, నూలు పోగులు పైకి లేచి ఉంటే ప్రీట్రీట్‌మెంట్ తక్కువైంది. బొమ్మ చుట్టూ నలుచదరపు మచ్చ కనిపిస్తే ఎక్కువైంది.

ఈ వారం అభ్యాసం: పై ఆర్డరుకే నెల తర్వాత మళ్లీ 20 టీషర్టులు అడిగారనుకోండి. మీరు మూడు స్క్రీన్‌లూ కడగకుండా దాచారు, ప్రెస్ మీద సరిపెట్టడానికి మాత్రం ఒక్కోదానికి 10 యూనిట్లు పడుతుంది. సమానమయ్యే సంఖ్య ఎంత? 5 వస్తే సరిగ్గా చేసినట్టే. వచ్చే పాఠంలో ఆ మూడు స్క్రీన్‌లనీ ప్రెస్ మీద సరిపెడదాం.