గోల్డ్ లోన్: ఇస్తామన్నదంతా తీసుకోకండి

మొన్న పేపర్లో ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన వేలం ప్రకటన చూశారా? పేజీ నిండా లోన్ నంబర్లే. ఇంకొన్ని రోజుల్లో జూన్. స్కూలు ఫీజులు, విత్తనాలు, ఎరువులు ఒక్కసారే మీద పడే నెల కాబట్టి బీరువాలోని నగలు మళ్లీ బయటికొస్తాయి. వడ్డీ శాతం చూసుకోండి, రసీదు దాచుకోండి అన్నవి అందరూ చెప్పేవే, నేను వదిలేస్తున్నాను. నగలు పోగొట్టుకున్నవాళ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఒక్కటే. గ్రాముకు ఎంత ఇస్తామంటే అంతా తీసుకోవడం.

ఎంత ఇవ్వొచ్చు

రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం సొంత ఖర్చుల కోసం తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపైతే బంగారం విలువలో 85 శాతం వరకు, ఐదు లక్షల లోపైతే 80, ఆ పైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. ఈ శాతాన్నే ఎల్‌టీవీ అంటారు. విలువ కట్టేది షాపు రేటుతో కాదు. గత 30 రోజుల సగటు ధర, నిన్నటి ధర, రెండిట్లో ఏది తక్కువైతే అది. రాళ్లకు, మజూరీకి పైసా రాదు.

ఈ శాతం అప్పు తీసుకున్న రోజుతో అయిపోదు. తీరేదాకా పరిమితి లోపలే ఉండాలి. దెబ్బ తగిలేది ఇక్కడే.

ఒక లెక్క

రాళ్లు తీసేస్తే 40 గ్రాముల 22 క్యారెట్ల నగలు, గ్రాము 10,000 అనుకుందాం. విలువ నాలుగు లక్షలు. 80 శాతమంటే 3,20,000 చేతికొచ్చింది. వడ్డీ 12 శాతం, నెలనెలా కట్టాలి, కట్టలేదు. ఏడాదికి అప్పు 3,58,400. ధర కదలకపోయినా ఎల్‌టీవీ దాదాపు 90కి చేరింది. ధర 15 శాతం పడితే నగల విలువ 3,40,000, అంటే అప్పే ఎక్కువ. ఇక కొంత కట్టమనో, ఇంకా నగలు తెమ్మనో ఫోన్ వస్తుంది. మీరు ఎత్తకపోతే తర్వాతది వేలం నోటీసు.

అదే నగల మీద 2,40,000, అంటే 60 శాతం మాత్రమే తీసుకుని ఉంటే? అదే వడ్డీ, అదే పతనం, అదే బద్ధకం. అప్పు 2,68,800, ఎల్‌టీవీ 79. ఇంకా పరిమితి లోపలే ఉన్నారు.

బంగారం పడుతుందా అంటారా? 2020 ఆగస్టులో పది గ్రాములు 56 వేల దాకా పోయింది. సరిగ్గా అప్పుడే బ్యాంకులు 90 శాతం వరకు ఇచ్చేందుకు అనుమతి వచ్చింది. 2021 మార్చికి ధర 45 వేల దరిదాపుల్లో ఉంది. శిఖరం మీద 90 తీసుకున్నవాళ్ల లెక్క మీరే వేసుకోండి.

అసలూ వడ్డీ రెండూ చివర్లో ఒకేసారి కట్టే లోన్

ఇందులో ఏడాది చివర కట్టాల్సిన మొత్తం మీద ఎల్‌టీవీ లెక్కిస్తారు. కాబట్టి పై నగలకు 2,85,000 చిల్లరే వస్తుంది. తక్కువ ఇస్తున్నారని విసుక్కుని ఎక్కువిచ్చే చోటికి పరిగెత్తకండి. ఆ తగ్గించిన మొత్తమే మీకు రక్ష.

ఇక మిగతావి వరసగా.

ధర పెరిగిందని టాపప్ ఇస్తామని ఫోన్ చేస్తారు. వద్దనండి. ఆ పెరిగిన విలువే రేపు ధర పడితే మిమ్మల్ని కాపాడేది.

వడ్డీ కట్టకుండా లోన్ తిరగరాయించకండి. వడ్డీకి మళ్లీ వడ్డీ పుట్టించుకోవడమే అది.

నగలు తూచేటప్పుడు అక్కడే ఉండండి. నికర బరువు, క్యారెట్లు, తగ్గించిన బరువు రాసిచ్చిన కాగితం లేకుండా లేవకండి.

మంగళసూత్రం ఆఖరున.

పక్కింటివాళ్ల నగలు మీ పేరు మీద పెట్టకండి. మీవి వాళ్ల పేరు మీదా పెట్టకండి.

ఫోన్ నంబరు మారిస్తే అదే రోజు బ్రాంచిలో చెప్పండి. నోటీసు పాత నంబరుకు, పాత అడ్రసుకు పోయి నగలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

మళ్లీ చెబుతున్నా: 80 ఇస్తామంటే 60 దగ్గర ఆగండి. అవసరం అంతకంటే ఎక్కువైతే ఇంకో నగ పెట్టండి, శాతం పెంచకండి.

అప్పు తీర్చాక నగలు ఏడు పనిదినాల్లోపు ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం. అడగండి.

వేలం జరిగిపోయిందా? ఏడ్చి ఊరుకోకండి. ఎంతకు పోయింది, అప్పు పోను ఎంత మిగిలింది రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి వేలంలో కనీస ధర ఆనాటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు. మిగిలిన డబ్బు మీదే.