ఇంటి నుంచి ఉద్యోగం, మేనేజర్‌కు మెసేజ్ – 4వ పాఠం: మీటింగ్ వేళకు కరెంట్ పోతే

పోయిన పాఠంలో సెలవు అడిగే మెసేజ్ చూశాం. దానికి తీరిగ్గా కూర్చుని రాసుకునే వ్యవధి ఉంటుంది. ఈ పాఠంలో మెసేజ్‌కు ఐదు నిమిషాలు కూడా ఉండవు.

మధురవాడలో ఉంటూ బెంగళూరు కంపెనీకి పనిచేసే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. 11 గంటలకు క్లయింట్‌తో మీటింగ్, డెమో చూపించాల్సింది తనే. 10:50కి కరెంట్ పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది, లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది. కానీ నెట్ బాక్స్ పెట్టిన ప్లగ్‌కు ఇన్వర్టర్ లైను లేదు. మన ఇళ్లలో చాలాచోట్ల ఇదే పరిస్థితి. గాభరాలో ఆమె ఇలా టైప్ చేసింది:

“గుడ్ మార్నింగ్ మేడమ్. వెరీ సారీ మేడమ్. పొద్దున్నుంచి ఇక్కడ ఒకటే గాలీవానా. కాలనీ మొత్తం కరెంట్ పోయింది. కంప్లైంట్ ఇచ్చాం, లైన్‌మన్ వస్తానన్నాడు. నెట్ కూడా లేదు. ఎప్పుడొస్తుందో తెలీదు. ప్లీజ్, అర్థం చేసుకోండి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా పంపదగ్గ మెసేజ్ కాదు. 10:52కి దీన్ని చదివే మేనేజర్‌కు కావాల్సినవి వేరు. ఈ అమ్మాయి మీటింగ్‌కు వస్తుందా, రాదా? రాకపోతే డెమో ఎవరు చూపించాలి? ఆ ఫైలు ఎక్కడుంది? వీటికి జవాబు లేకపోతే ఆవిడ ఫోన్ చేసి అడగాల్సి వస్తుంది, ఉన్న ఎనిమిది నిమిషాలూ అందులోనే పోతాయి. అందుకే కారణాన్ని ఒక్క వాక్యంలో ముగించి, మిగతా చోటంతా మీటింగ్‌కు ఇవ్వాలి:

“మేడమ్, మా ఏరియాలో కరెంట్ పోయి నెట్ ఆగింది. 11 మీటింగ్‌కు ఫోన్ నుంచి ఆడియోలో వస్తాను, స్క్రీన్ షేర్ చేయలేను. డెమో స్లైడ్లు టీమ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. కిరణ్ వాటిని చూపిస్తే నేను మాట్లాడతాను, అతనికి ఫోన్ చేసి చెప్పాను. 11:20కి పరిస్థితి మళ్లీ చెప్తాను.”

చివరి వాక్యం మీద కాసేపు ఆగండి. “అరగంటలో కరెంట్ వచ్చేస్తుంది” అని ఆమె రాయలేదు. ఆ మాట చెప్పగలిగేది లైను బాగుచేసేవాళ్లే, చాలాసార్లు వాళ్లూ చెప్పలేరు. మన చేతిలో ఉన్నది మళ్లీ ఎప్పుడు కబురు చేస్తామన్నదే. 11:20కి కరెంట్ రాకపోయినా “ఇంకా రాలేదు, 12కి చెప్తాను” అని పంపాలి. ఆ సమయం దాటిపోయాక పంపే కబురుకు విలువ సగం పోతుంది.

కారణం ఒక్క వాక్యమే కాబట్టి అది సరిగ్గా ఉండాలి. అందుకు ముందు బాక్స్ వైపు చూడండి. దాని మీద ఒక్క లైటూ లేకపోతే బాక్స్‌కు కరెంట్ అందడం లేదు. బాక్స్ వెలుగుతూ LOS దగ్గర ఎర్ర లైటు కనిపిస్తే ఫైబర్ సిగ్నల్ రావడం లేదు: కేబుల్ తెగి ఉండాలి, లేదా ఆపరేటర్ వైపు ఏదో ఆగి ఉండాలి. ఈ రెండో సందర్భంలో ఇంట్లో కరెంట్ ఉన్నా లాభం లేదు. అప్పుడు “కొద్దిసేపట్లో వస్తాను” అనకుండా ఆ రోజు మిగతా మీటింగుల గురించి కూడా అడగాలి.

మెసేజ్ వెళ్లిందో లేదో చూడటం మరవద్దు. కాలనీ అంతా ఒకేసారి మొబైల్ డేటా మీద పడితే వాట్సాప్ నెమ్మదిస్తుంది. మెసేజ్ పక్కన గడియారం గుర్తు ఉంటే అది మీ ఫోన్ దాటలేదు. ఒక్క టిక్కే ఉంటే అవతలి ఫోన్‌కు చేరలేదు. అదే మెసేజ్‌ను మామూలు ఎస్సెమ్మెస్‌గా పంపండి, మీటింగ్ పది నిమిషాల్లో ఉంటే నేరుగా ఫోన్ చేయండి.

విశాఖలో ఉండేవాళ్లకు ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఈ ఊళ్లో కరెంటూ, ఫోన్లూ రోజుల తరబడి లేవు. అలాంటి రోజున ఏ మెసేజూ వెళ్లదు. తుఫాను హెచ్చరిక ముందే వస్తుంది కాబట్టి మెసేజ్ కూడా ముందురోజు సాయంత్రమే వెళ్లాలి: “రేపు ఇక్కడ తుఫాను హెచ్చరిక ఉంది. 10 గంటలకల్లా నా నుంచి కబురు లేకపోతే నెట్ లేదని అనుకోండి. రేపటి ఫైళ్లన్నీ ఫోల్డర్‌లో పెట్టాను.”

కరెంట్ వచ్చాక రెండో మెసేజ్. దీనిలో గాలివాన కథ మళ్లీ వద్దు. “12:10కి నెట్ వచ్చింది. క్లయింట్ అడిగిన రెండు ప్రశ్నలకు జవాబులు సాయంత్రం 4లోగా పంపుతాను. నెట్ బాక్స్‌ను ఇన్వర్టర్ లైనుకు మారుస్తున్నాను.” క్షమాపణ ఒక్కసారి చాలు. చివరి వాక్యం రాస్తే ఆ పని నిజంగా చేయాలి, ఎందుకంటే అదే కారణం నెల తిరక్కుండా మళ్లీ చెబితే ఎవరూ నమ్మరు. ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటర్ కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ, యూపీఎస్ వోల్టేజీ ఒకటేనా అని చూసుకోండి.

అభ్యాసం: మీరు గాజువాకలో ఉన్నారు. కరెంట్ ఉంది, LOS ఎర్రగా ఉంది. మధ్యాహ్నం 3:45 అయింది. 4 గంటలకు మీరు ఒకరిని ఇంటర్వ్యూ చేయాలి, ప్రశ్నల జాబితా మీ లాప్‌టాప్‌లోనే ఉంది. మేనేజర్‌కు నాలుగు వాక్యాల్లో మెసేజ్ రాయండి. ఆ జాబితా అవతలివాళ్లకు ఎలా చేరుతుందో అందులో ఉండాలి. 5వ పాఠాన్ని మీ జవాబు దగ్గరే మొదలుపెడదాం.