పెళ్లి ఫొటోల ముందు ముఖం మీద గాటు పడితే

పెచ్చును గిల్లకండి. గిల్లితే మళ్లీ రక్తం వస్తుంది, తడి మీద మేకప్ నిలవదు, మచ్చ కూడా మిగలొచ్చు.

గాయం పచ్చిగా ఉంటే కన్సీలర్ వద్దు, ఇన్ఫెక్షన్ రావచ్చు. బ్యాండేజీ ఉంచేసి రెండో చెంప కెమెరా వైపు తిప్పండి. పక్కన నిలబడే మనిషిని కూడా గాయం ఉన్న వైపుకు మార్చాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

పెచ్చు ఎండిపోతే ముందురోజు రాత్రి పల్చగా వ్యాజిలిన్ రాయండి, అంచులు పొట్టులా లేవవు. పొద్దున జిడ్డు అద్ది తీసి, కన్సీలర్‌ను శుభ్రమైన వేలితో తట్టండి. రుద్దితే పెచ్చు ఊడుతుంది.

వెలుతురు ఎదురుగా ఉండాలి. పక్కనుంచి పడితే పెచ్చు నీడ పడి ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

మిగిలింది ఎడిటింగ్‌లో పోతుంది. పాస్‌పోర్టు ఫొటోకి మాత్రం ఎడిటింగ్ వద్దు, తిప్పి పంపేస్తారు.